బిల్లు కోసం చెప్పిన ఫోన్ నంబరు ప్రకటన దాకా ఎలా వెళ్తుంది? మన సమ్మతి ఎక్కడ ఆగిపోతుంది?

సూపర్‌మార్కెట్‌లో అయినా, చెప్పుల షోరూములో అయినా, మందుల షాపులో అయినా బిల్లు కట్టే దగ్గర ఇప్పుడు మొదట వినిపించే మాట "సార్, నంబరు చెప్పండి". బిల్లు మెసేజ్ వస్తుందనో, పాయింట్లు పడతాయనో, వెనక క్యూ ఉంది ఎందుకొచ్చిన వాదన అనో పది అంకెలూ చెప్పేస్తాం. నాలుగు రోజులు తిరక్కుండా అదే షోరూము ప్రకటన ఇన్‌స్టాగ్రామ్‌లో ఎదురవుతుంది. ఫోను మన మాటలు చాటుగా వింటోందని చాలామంది అనుమానించేది ఇలాంటప్పుడే. ఆ ప్రకటన రావడానికి మన మాటలు వినాల్సిన అవసరం లేదు. కౌంటర్‌లో చెప్పిన నంబరు చాలు.

ఆ నంబరు ప్రయాణం తెలిస్తే, ఆన్‌లైన్ ప్రకటనల్లో సమ్మతి గురించి జరిగే వాదన అంతా ఒక్కచోట కనిపిస్తుంది. ఇక్కడ షాపువాళ్లు దొంగతనం ఏమీ చేయలేదు, నంబరు మనమే ఇచ్చాం. ఇన్‌స్టాగ్రామ్ లాంటి వేదిక కూడా మన ఫోన్‌లోకి చొరబడలేదు, అక్కడ ఖాతా తెరిచింది మనమే. రెండు చోట్లా మనం "సరే" అన్నాం. ఆ రెండు "సరే"లనూ కలిపేందుకు మాత్రం ఎవరూ మనల్ని అడగలేదు.

కెనడాలో తేలిన సంగతి

హోమ్ డిపో అని ఉత్తర అమెరికాలో ఇంటి మరమ్మతు సామగ్రి అమ్మే పెద్ద దుకాణాల సంస్థ ఉంది. కెనడాలో ఒక వ్యక్తి తన ఫేస్‌బుక్ ఖాతాను తొలగించే పనిలో ఉండి, తన గురించి ఆ వేదిక దగ్గర ఏమేం ఉందో చూసుకున్నారు. హోమ్ డిపోలో స్వయంగా వెళ్లి చేసిన కొనుగోళ్లు చాలావరకు అక్కడ నమోదై ఉన్నాయి. అవి ఆన్‌లైన్‌లో కొన్నవి కావు, దుకాణంలో నిలబడి డబ్బు కట్టి తెచ్చుకున్నవి. ఆయన ఫిర్యాదుపై కెనడా ప్రైవసీ కమిషనర్ విచారణ జరిపి 2023 జనవరిలో నివేదిక విడుదల చేశారు.

జరిగింది ఇది. బిల్లు కాగితం మీద కావాలా, ఈమెయిల్‌కు పంపమంటారా అని కౌంటర్‌లో అడిగేవారు. ఈమెయిల్ ఇచ్చినవారి చిరునామాను సంకేతరూపంలోకి మార్చి, కొనుగోలు స్థూల వివరాలతో కలిపి ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు పంపేవారు. మెటా ఆ చిరునామాను తన ఖాతాదారులతో పోల్చి, ఫేస్‌బుక్‌లో ప్రకటన చూసినవారిలో ఎంతమంది దుకాణానికి వెళ్లి కొన్నారో లెక్కకట్టి హోమ్ డిపోకు ఇచ్చేది. ఆ లెక్క మొత్తాల రూపంలోనే ఉండేది, పేర్లు ఉండేవి కావు. అయితే వచ్చిన సమాచారాన్ని తన సొంత వ్యాపార అవసరాలకు కూడా వాడుకునే వీలు మెటాకు ఉండేది.

హోమ్ డిపో వాదన తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. తమ గోప్యతా విధానంలో ఈ సంగతి ఉందనీ, అది వెబ్‌సైట్‌లో దొరుకుతుందనీ, పంపిన వివరాలు అంత సున్నితమైనవి కావనీ, ప్రతిదానికీ అనుమతి అడిగితే జనం విసిగిపోతారనీ చెప్పింది. కమిషనర్ ఒప్పుకోలేదు. బిల్లు ఈమెయిల్‌కు పంపమన్న మనిషికి ఆ క్షణంలో గోప్యతా విధానం వెతికి చదవాలని తోచే కారణమే లేదన్నారు. బిల్లు కోసం ఇచ్చింది ప్రకటనల సంస్థకు చేరుతుందని సామాన్యుడు ఊహించడు కాబట్టి ముందే స్పష్టంగా అడగాలన్నారు. సుత్తీ మేకులూ సున్నితం కాకపోయినా, ఇదే పద్ధతి మరో రకం దుకాణంలో మనిషి ఆరోగ్యాన్ని బయటపెట్టగలదని కూడా గుర్తుచేశారు. ఆ సంస్థ 2022 అక్టోబరులోనే ఈ పద్ధతిని ఆపేసింది.

నంబరును "కలగాపులగం చేశాం" అంటే ఏమిటి

ఈ పని చేసే ఏ సంస్థ అయినా ముందు చెప్పేది "మేం నంబరు పంపడం లేదు, దాని హ్యాష్ మాత్రమే పంపుతున్నాం" అని. సగటు పాఠకుడు ఇక్కడ ఆగిపోతాడు కాబట్టి కాస్త దగ్గరగా చూద్దాం.

షాపు దగ్గరున్న జాబితాలో నంబర్లు నానా రకాలుగా ఉంటాయి. కొన్నిటి ముందు సున్నా ఉంటుంది, కొన్నిటి మధ్య ఖాళీలు ఉంటాయి, కొన్నిటికి +91 ఉంటుంది. ముందుగా వాటన్నిటినీ ఒకే రూపంలోకి తేవాలి. ఈ అడుగు తప్పితే పోలికే కుదరదు, ఎందుకంటే ఒక్క గుర్తు తేడా వచ్చినా హ్యాష్ పూర్తిగా మారిపోతుంది. ఆ తర్వాత SHA-256 అనే సూత్రంతో ప్రతి నంబరునూ 64 గుర్తుల వరుసగా మారుస్తారు, ఆ వరుసే హ్యాష్. లైనక్స్ కంప్యూటర్‌లో ఎవరైనా చేసి చూడొచ్చు (ఇక్కడున్నది నిజమైన మొబైల్ నంబరు కాదు):

```
printf '911234567890' | sha256sum
printf '+911234567890' | sha256sum
```

రెండు ఫలితాలకూ పోలికే ఉండదు. అదే మొదటి ఆదేశాన్ని ఎన్నిసార్లు ఇచ్చినా, ఏ దేశంలో ఇచ్చినా ఒకే ఫలితం వస్తుంది. పోలిక కుదిరేది దీనివల్లనే. వేదిక తన ఖాతాదారుల నంబర్లకు ఇదే సూత్రం వర్తింపజేసి, షాపు పంపిన వరుసలతో సరిచూస్తుంది. సరిపోయిన చోట ఆ మనిషి ఖాతా దొరుకుతుంది.

హ్యాష్‌ను చూసి నంబరును వెనక్కి రాబట్టలేరన్నది గణితంగా నిజమే. కానీ వెనక్కి వెళ్లాల్సిన పని లేకుండా ముందుకు వెళ్తే సరిపోతుంది. భారతీయ మొబైల్ నంబరుకు పది అంకెలు, మొదటి అంకె 6 నుంచి 9 లోపు. అంటే సాధ్యమైన నంబర్లు మొత్తం 400 కోట్లు. ఒక మాదిరి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు 100 కోట్లకు పైగా ఇలాంటి హ్యాష్‌లు లెక్కిస్తుంది. దేశంలో ఉండగల ప్రతి మొబైల్ నంబరుకూ హ్యాష్ తీసి పట్టిక తయారుచేయడం సెకన్ల పని. హ్యాష్‌కు 32 బైట్ల చొప్పున ఆ పట్టిక 128 జీబీ, ఒక పెన్‌డ్రైవ్‌లో పట్టేస్తుంది. కాబట్టి ఫోన్ నంబరు హ్యాష్ అనేది వేరే లిపిలో రాసిన ఫోన్ నంబరు, అంతే.

అలాగని హ్యాష్ దండగ అనడం సరికాదు. దారిలో ఫైలు ఎవరి చేతికైనా చిక్కితే చూడగానే నంబర్లు కనిపించవు. వేదిక దగ్గర లేని నంబర్లు ఆ వేదికకు నేరుగా చేరవు. ఇది భద్రత కోసం చేసే పని, మంచిదే. దాన్ని "మీరెవరో ఎవరికీ తెలియదు" అన్న హామీగా చెప్పడమే తప్పు. ఎవరో తెలియాలన్నదే ఈ కసరత్తు ఉద్దేశం. జర్మనీలో బవేరియా రాష్ట్ర పరిపాలనా హైకోర్టు 2018లోనే ఈ మాట చెప్పింది. అక్కడ ఒక ఆన్‌లైన్ దుకాణం కొనుగోలుదారుల ఈమెయిల్ హ్యాష్‌లను అనుమతి లేకుండా ఫేస్‌బుక్‌కు ఎక్కించింది. డేటా పరిరక్షణ అధికారులు జాబితాను తొలగించమంటే కోర్టుకు వెళ్లింది. హ్యాష్ చేసినా అది వ్యక్తిగత డేటాయేనని కోర్టు తేల్చింది. ఫేస్‌బుక్ కేవలం చెప్పిన పని చేసే గుమాస్తా అన్న వాదననూ ఒప్పుకోలేదు, ఎవరికి ప్రకటన చూపాలో తుది ఎంపికలో దానికీ సొంత నిర్ణయం ఉందని చెప్పింది.

అసలు ప్రమాదం చాలాసార్లు హ్యాష్‌కు ముందే జరుగుతుంది. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి నంబర్లన్నీ ఎక్సెల్ ఫైలుగా దింపి, ప్రకటనలు చూసే ఏజెన్సీ కుర్రాడికి వాట్సాప్‌లో పంపుతారు. ఆ ఫైల్లో పేరు, నంబరు, ఎప్పుడు ఎంతకు కొన్నదీ అన్నీ బాహాటంగా ఉంటాయి. ఏజెన్సీ మారుతుంది, కుర్రాడు ఉద్యోగం మారతాడు, ఫైలు మాత్రం అతని ల్యాప్‌టాప్‌లో ఉండిపోతుంది. సమ్మతి గురించి ఎంత నిక్కచ్చిగా మాట్లాడినా ఈ ఫైలుకు లెక్కాజమా లేకపోతే అదంతా కాగితం మీది మాటే.

షాపు ఎందుకు చేస్తుంది

షాపుల మీద ఈ ఒత్తిడి ఉన్నట్టుండి పెరగడానికి కారణం ఉంది. 2020 మార్చిలో ఆపిల్ తన సఫారీ బ్రౌజరులో, ఒక సైటు నుంచి ఇంకో సైటుకు మనల్ని వెంబడించే థర్డ్ పార్టీ కుకీలను పూర్తిగా అడ్డుకుంది. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్లకు వచ్చిన iOS 14.5తో, ఒక యాప్ మనల్ని ఇతర యాప్‌లలో వెంబడించాలంటే తెర మీద అడిగి తీరాలన్న నియమం వచ్చింది. చాలామంది వద్దన్నారు. అప్పటిదాకా బ్రౌజరు వెంట తిరిగి మనిషిని గుర్తుపట్టిన ప్రకటనల పరిశ్రమ, వ్యాపారి సొంతంగా సేకరించిన నంబర్లు, ఈమెయిళ్ల మీద పడింది. ఒక తలుపు మూసిన ఫలితంగా బిల్లు కౌంటర్‌లో ఒత్తిడి పెరిగింది.

షాపు యజమాని వైపు నుంచి చూస్తే ఈ జాబితా మూడు నాలుగు పనులకు ఉపయోగపడుతుంది. పాత ఖాతాదారులకు పండగ ముందు గుర్తుచేయొచ్చు. ఇప్పటికే కొన్నవారికి అదే సరుకు ప్రకటన చూపకుండా ఆపొచ్చు. ఇది కొనుగోలుదారుకూ మేలే. ఇచ్చిన జాబితాను పోలిన కొత్తవారిని వెతకమని వేదికను అడగొచ్చు. చివరగా, ప్రకటనకు పెట్టిన డబ్బు తిరిగి వచ్చిందో లేదో చూసుకోవచ్చు. పత్రికలో అర పేజీ ప్రకటనకు డబ్బు పెట్టలేని గుంటూరు బట్టల కొట్టుకు, కొద్ది వేలతో తన ఊరివాళ్లను చేరగలగడం నిజమైన సదుపాయం. పెద్ద ఆన్‌లైన్ సంస్థల దగ్గర ఇంతకు వెయ్యి రెట్లు సమాచారం ఉన్నప్పుడు చిన్న కొట్టుకు మాత్రం ఏమీ ఉండకూడదనడం న్యాయం కాదన్న వాదనలో బలం ఉంది.

అయితే ఆ ప్రయోజనం ఎంత అన్నది కూడా తూచాలి. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఒక కొట్టు దగ్గర 5,000 నంబర్లు ఉన్నాయనుకుందాం. దసరాకు వారందరికీ ప్రకటన చూపి, కొన్నవారి వివరాలు వేదికకు ఎక్కిస్తే "మీ ప్రకటన చూసిన 150 మంది కొన్నారు" అని నివేదిక వస్తుంది. యజమాని సంతోషిస్తాడు. కానీ వాళ్లంతా పాత ఖాతాదారులు, ప్రకటన లేకపోయినా దసరాకు వచ్చేవాళ్లే ఎక్కువ. నిజం తెలియాలంటే జాబితాలోంచి 1,000 మందిని చీటీలు తీసినట్టు ఎంచి వారికి ప్రకటన చూపకుండా ఉంచాలి. చూపిన 4,000 మందిలో 120 మంది కొన్నారు, అంటే 3 శాతం. చూపని 1,000 మందిలో 27 మంది కొన్నారు, అంటే 2.7 శాతం. తేడా 0.3 శాతం, అంటే 4,000 మందిలో 12 మంది. ప్రకటన తెచ్చిన అమ్మకాలు 120 కావు, సుమారుగా 12. ఇంత చిన్న సంఖ్యల్లో అది కూడా కాకతాళీయం కావచ్చు.

ఈ లెక్క తీయడానికి ఎవరు ఏం కొన్నారో వేదికకు చెప్పాల్సిన పని లేదని గమనించండి. రెండు గుంపుల కొనుగోళ్లూ షాపు సొంత బిల్లుల్లోనే ఉన్నాయి. జాబితా లేకుండా ఊరంతటికీ ప్రకటన ఇస్తే ఇంకా తేలిక. గుంటూరులో ప్రకటన ఇచ్చి, తెనాలి కొట్టు ఉన్న చోట ఇవ్వకుండా, రెండు కొట్ల అమ్మకాలూ మామూలు రోజులతో ఎంత మారాయో పోల్చొచ్చు. ఇందులో ఒక్కరి నంబరూ అక్కర్లేదు. హోమ్ డిపో చేసిన రకం కొలతకు వ్యక్తిగత డేటా తప్పనిసరి అన్న మాట అందుకే నిలబడదు. అది సులువు, అంతవరకే. సులువు కావడం ఒక కారణమే. అయితే అడగకుండా వాడుకోవడానికి అంత కారణం చాలదు.

మన చట్టంలోనే ఉన్న మందుల షాపు

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. వ్యాపారుల మీద పడే ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే దాకా. ఈ చట్టంలో సెక్షన్ల కింద చిన్న చిన్న ఉదాహరణలు ఉన్నాయి. సెక్షన్ 7 కింద ఉన్నది మన కౌంటర్ కథే. ఒకామె మందుల షాపులో కొని, డబ్బు ముట్టినట్టు మెసేజ్ పంపమని తనంతట తాను నంబరు ఇచ్చింది. ఆ రసీదు పంపడానికి షాపు ఆ నంబరును వాడుకోవచ్చు. విడిగా సమ్మతి పత్రం అక్కర్లేదు.

ఆ వెసులుబాటు ఆమె ఏ పని కోసం ఇచ్చిందో ఆ పనికే. రసీదు వెళ్లగానే ఆ దారి మూసుకుపోతుంది. అదే నంబరును ప్రకటనల వేదికకు ఎక్కించాలంటే సెక్షన్ 6 ప్రకారం సమ్మతి తీసుకోవాలి. అది స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతు లేకుండా, సందేహానికి తావు లేకుండా, స్పష్టమైన చర్యతో ఇచ్చినదై ఉండాలి. ఆ సెక్షన్ కింద ఇంకో ఉదాహరణ ఉంది. వైద్య సలహా ఇచ్చే యాప్ ఒకటి ఫోన్‌లోని కాంటాక్టుల జాబితాకూ అనుమతి అడిగింది, దాన్ని వాడే ఒకామె రెంటికీ సరే అంది. అయినా వైద్య సలహాకు కాంటాక్టులు అవసరం లేదు కాబట్టి ఆ సమ్మతి వైద్య సలహా వరకే చెల్లుతుంది. అంటే "సరే" అన్న మాటతోనే మన చట్టం సరిపెట్టుకోదు, అడిగినదానికీ చేసే పనికీ పొంతన ఉందా అని కూడా చూస్తుంది.

పిల్లల విషయంలో సమ్మతితో పనిలేకుండా గీత గీశారు. 18 ఏళ్ల లోపువారిని వెంబడించడం, వారిని లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు ఇవ్వడం సెక్షన్ 9 నిషేధించింది. జరిమానా 200 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. కానీ ఆరోగ్య సమాచారానికి అలాంటి ప్రత్యేక వర్గం ఈ చట్టంలో లేదు. ఇది పెద్ద లోటు. మందుల షాపు ఒకటి షుగర్ మందులు కొనేవారి నంబర్లను విడదీసి జాబితా ఎక్కిస్తే, ఆ జాబితాలో ఉండటమే రోగనిర్ధారణ. పెద్ద వేదికలు తమ నిబంధనల్లో ఇలాంటివి పంపకూడదని రాసుకున్నాయి. అయితే హ్యాష్‌ల వరుస చూసి అది షుగర్ రోగుల జాబితానో చీరలు కొన్నవారి జాబితానో వేదిక చెప్పలేదు. కొనుగోలుదారుల అనుమతి ఉందని హామీ ఇచ్చే బాధ్యతను వేదిక నిబంధనలు ప్రకటనదారు మీదే పెడతాయి. ఇలాంటి జాబితాలకు సమ్మతి తీసుకుంటే సరిపోతుందని నేను అనుకోను. కౌంటర్ దగ్గర మందుల చీటీ పట్టుకుని నిలబడిన మనిషికి బేరమాడే స్థితి ఉండదు. దీన్ని పిల్లల సరసన నిషేధంలో పెట్టాలి.

బిల్లుకు నంబరు తప్పనిసరి అనడం కూడా కుదరదు. నంబరు ఇస్తేనే అమ్ముతామని పట్టుబట్టొద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మేలోనే రిటైల్ సంస్థలకు చెప్పింది.

"సరే" అనిపించుకోవడంలో చిక్కులు

అడగాలని ఒప్పుకున్నాక ఎలా అడగాలన్నది మిగులుతుంది. జనం విసిగిపోతారన్న హోమ్ డిపో మాట వట్టి సాకు కాదు. యూరప్‌లో ప్రతి వెబ్‌సైట్‌లోనూ కుకీ పెట్టె తెరుచుకుని, చదవకుండా నొక్కడం జనానికి అలవాటైపోయింది. 2020లో జరిగిన ఒక పరిశోధనలో, "వద్దు" బటన్‌ను మొదటి తెర నుంచి తీసేస్తే ఒప్పుకునేవారు 22, 23 శాతం పాయింట్లు పెరిగారని తేలింది. మనుషుల అభిప్రాయం మారలేదు, బటన్ చోటు మారింది. అలా వచ్చిన సమ్మతికి విలువ ఎంతో చెప్పక్కర్లేదు.

విసుగుకు మందు అడగడం మానేయడం కాదు, అడగాల్సిన సందర్భాలు తగ్గించడం. కాగితం బిల్లు ఇచ్చే చోట నంబరు ప్రస్తావనే అక్కర్లేదు. పాయింట్ల పథకంలో చేరేటప్పుడు ఒక్కసారి, తెలుగులో, రెండు విడి ప్రశ్నలుగా అడిగితే చాలు. నోటీసును ఎనిమిదో షెడ్యూలు భాషల్లో చదువుకునే వీలు కల్పించాలని చట్టమే చెబుతోంది, తెలుగు అందులో ఉంది. ఉదాహరణకు ఇలా:

"1. పాయింట్లు నమోదు చేయడానికి మీ నంబరు ఉంచుకోమంటారా? (అవును / వద్దు)
2. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లో మీకు మా ప్రకటనలు చూపడానికి మీ నంబరును మెటా సంస్థకు పంపమంటారా? వద్దన్నా పాయింట్లు వస్తాయి. (అవును / వద్దు)"

రెండో ప్రశ్నలో సంస్థ పేరు ఉండాలి. "మా భాగస్వాములు" అని రాస్తే ఎవరికి వెళ్తుందో చెప్పనట్టే. చివరి వాక్యం అన్నిటికంటే ముఖ్యం. వద్దన్నవారికి నష్టం ఉంటే అది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి కాదు. తూకం కష్టమయ్యేది ఇక్కడే, ఎందుకంటే రాయితీ ఇచ్చి సమాచారం తీసుకోవడం న్యాయమైన బేరమే కదా అని అడగొచ్చు. మెటా యూరప్‌లో 2023 నవంబరులో ఇలాంటి బేరమే పెట్టింది. అప్పట్లో వెబ్‌లో వాడేవారు నెలకు 9.99 యూరోలు కట్టాలి, లేదా లక్షిత ప్రకటనలకు ఒప్పుకోవాలి. డిజిటల్ మార్కెట్ల చట్టం కింద యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో 20 కోట్ల యూరోల జరిమానా వేసింది. తక్కువ డేటాతో నడిచే సమానమైన మరో దారి చూపకపోవడం దాని అభ్యంతరం. నా అభిప్రాయంలో షాపు పరిమాణాన్ని బట్టి ఈ తీర్పు మారాలి. పక్క వీధిలో మరో కొట్టు ఉన్నప్పుడు చిన్న రాయితీ బలవంతం కాదు. అందరూ ఉన్న ఒకే వేదిక అదే మాట అంటే అది బేరం కాదు.

వెనక్కి తీసుకోవడం ఇంకో చిక్కు. ఇచ్చినంత సులువుగా సమ్మతిని ఉపసంహరించుకునే వీలుండాలని మన చట్టం అంటోంది. షాపు ఏం చేయాలంటే, ప్రతి నంబరు పక్కన రెండో ప్రశ్నకు జవాబు, తేదీ రెండు గడులుగా ఉంచుకోవాలి. ఎక్కించే జాబితాను ఎప్పటికప్పుడు ఆ గడి నుంచే తయారుచేయాలి, పాత ఫైలుకు కొత్త పేర్లు అతికించకూడదు. వద్దన్నవారిని వేదికలోని జాబితా నుంచి కూడా తొలగించాలి, ఏజెన్సీ దగ్గరున్న నకలునూ చెరిపించాలి. ఇంతవరకు చేయగలిగిందే.

కానీ "ఈ జాబితాను పోలినవారిని వెతుకు" అన్న పని దగ్గర సమ్మతి అన్న భావనే తడబడుతుంది. మెటాలో ఒకే దేశానికి చెందిన 100 మందితో కూడిన జాబితా ఉంటే చాలు, ఆ దేశంలో వారిని పోలినవారిని 1 శాతం నుంచి 10 శాతం దాకా వెతికిపెడుతుంది. అలా దొరికిన మనిషి ఆ షాపుకు నంబరు ఇవ్వలేదు, షాపు పేరే విని ఉండకపోవచ్చు. తన అలవాట్లు ఇంకొకరి అలవాట్లను పోలి ఉండటం వల్ల ఎంపికయ్యాడు. జాబితాలో ఉన్నావిడ "సరే" అనడం ద్వారా తన గురించే కాక తనలాంటివాళ్ల గురించీ సమాచారం ఇచ్చింది. చీరల కొట్టుకు ఇందులో హాని కనిపించదు. అప్పులిచ్చే యాప్ ఇదే సాధనంతో "అత్యవసరంగా డబ్బు కావలసి అధిక వడ్డీకి ఒప్పుకున్నవారిని పోలినవారు" కావాలంటే, అవసరంలో ఉన్న మనిషిని వెతికి పట్టుకోవడం అవుతుంది. ఒక్కొక్కరి దగ్గర విడిగా సమ్మతి తీసుకుని ఈ హానిని ఆపలేం. దేని కోసం వెతకకూడదో నియంత్రణ సంస్థలు చెప్పాల్సిందే.

మన నంబరు వెళ్లిందో లేదో తెలుసుకోవడం

ప్రకటన ఎదురైనప్పుడు దాని పక్కనున్న మూడు చుక్కలు నొక్కి `Why am I seeing this ad?` తెరవండి. ఆ ప్రకటనదారు జాబితా ఎక్కించి ఉంటే ఆ సంగతి అక్కడ రాసి ఉంటుంది. కొనుగోళ్ల వివరాలు పంపారేమో చూడాలంటే సెట్టింగ్స్‌లో `Accounts Center`, అందులో `Your information and permissions`, దాని కింద `Your activity off Meta technologies` తెరవాలి. కెనడా ఫిర్యాదు పుట్టింది ఇలాంటి చోటే. అక్కడి నుంచి పాత చరిత్రను తొలగించొచ్చు, ఇక ముందు మన ఖాతాకు ముడిపెట్టకుండా ఆపొచ్చు. ఫోన్‌లో ప్రకటనల ఐడీని తొలగించడం మంచిదే, కానీ ఈ దారి మీద దాని ప్రభావం ఉండదు, ఎందుకంటే ఇక్కడ తాళంచెవి మన నంబరే.

అక్కడ తెలిసిన షాపు పేరు కనిపిస్తే కౌంటర్‌లో కుర్రాణ్ని నిలదీయడం వల్ల ప్రయోజనం లేదు, అతనికి తెలియదు. బిల్లు మీదున్న ఈమెయిల్‌కు రాసి మూడే అడగండి: నా నంబరు ఏ పని కోసం తీసుకున్నారు, ఎవరెవరికి పంపారు, నా పేరు తీసేసిన జాబితాను వేదికలోనూ మీ ఏజెన్సీ దగ్గరా ఏ తేదీన మార్చారు.